పెండింగ్‌లో ఆగిపోయిన డౌన్‌లోడ్: రీసెట్ చేయించే ముందు చూడవలసినవి

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. లైఫ్ సర్టిఫికెట్‌ను ఈసారి ఫోన్‌లోనే ముఖం చూపించి ఇచ్చేద్దామని, ఆయన పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను బీరువాలోంచి తీశాం. చాలా నెలలుగా చార్జింగ్ లేక ఆగిపోయి ఉన్న ఫోన్ అది. ప్లే స్టోర్‌లో జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్‌లను నొక్కితే రెండూ 'Pending' అని చూపిస్తూ అలాగే ఉండిపోయాయి. అదే వైఫై మీద నా ఫోన్‌లో అన్నీ దిగుతున్నాయి. 32 జీబీ ఫోన్‌లో 900 ఎంబీ ఖాళీ ఉంది. జీమెయిల్ ఖాతా మా తమ్ముడు తెరిచి ఇచ్చాడు, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తు లేదు. షాపులో అడిగితే ఖాతా తీసేసి ఫోన్ మొత్తం రీసెట్ చేయాలన్నారు. మా అమ్మ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: రీసెట్ చేయించవద్దు, ఖాతాను కూడా ఇప్పుడే తొలగించవద్దు. ఈ రెండూ చేశాక వెనక్కి తీసుకోలేని పనులు. మీరు రాసిన లక్షణాలకు ఆ రెండింటి అవసరం పడే అవకాశం చాలా తక్కువ. 'Pending' అంటే డౌన్‌లోడ్ విఫలమైందని కాదు. మీ కోరికను ప్లే స్టోర్ నమోదు చేసుకుంది గాని పని మొదలుపెట్టలేదు, దేనికోసమో ఎదురుచూస్తోందని అర్థం. ఆ ఎదురుచూపు తన వంతు కోసం కావచ్చు, తగిన నెట్‌వర్క్ కోసం కావచ్చు, ఖాళీ జాగా కోసం కావచ్చు, గూగుల్ సర్వర్లు ఈ ఫోన్‌ను, ఈ ఖాతాను గుర్తించడం కోసం కావచ్చు. అది దేనికోసమో తేల్చుకోవడమే మన పని. ముందుగా ఏ హానీ లేని పరీక్షలు చేసి, కాస్త జాగ్రత్త అవసరమైనవాటిని చివరికి ఉంచుకుందాం.

మొదట వంతు సంగతి చూడండి, దీనికి ఎక్కువ సమయం పట్టదు. నెలల తరబడి ఆగిపోయిన ఫోన్‌కు వైఫై అందగానే అందులోని పాత యాప్‌లన్నీ అప్‌డేట్ కోసం వరుస కడతాయి. మీరు కొత్తగా కోరిన రెండు యాప్‌లు ఆ వరుస చివర నిలబడి ఉండవచ్చు. ప్లే స్టోర్‌లో పైన కుడివైపు కనిపించే ఖాతా బొమ్మను నొక్కి, 'Manage apps & device' లోకి వెళ్లి, జరుగుతున్న అప్‌డేట్‌లన్నింటినీ రద్దు చేయండి. తరువాత అదే ఖాతా బొమ్మ కింద 'Settings', అందులో 'Network preferences' తెరిచి, 'App download preference' దగ్గర 'Over any network' ఎంచుకోండి. యాప్‌లు వాటంతట అవే అప్‌డేట్ కాకుండా 'Auto-update apps' ను కూడా ప్రస్తుతానికి ఆపి ఉంచండి. ఇప్పుడు రెండు యాప్‌లను ఒకేసారి కాకుండా ఒక్కదాన్నే మళ్లీ నొక్కి చూడండి. కదలిక వస్తే సంతోషం. రాకపోతే, మీ ఉత్తరం చదవగానే నాకు అనుమానం కలిగిన చోటికి, అంటే ఫోన్ గడియారం దగ్గరికి వెళ్దాం.

బ్యాటరీ పూర్తిగా అయిపోయి చాలాకాలం పడి ఉన్న ఫోన్‌ను మళ్లీ వెలిగించినప్పుడు అందులో తేదీ తప్పుగా ఉండటం మామూలే. సిమ్ లేకపోయినా, ఆటోమేటిక్ సమయం ఆపివేసి ఉన్నా ఆ తప్పు అలాగే నిలిచిపోతుంది. ఇంట్లో ఎవరో ఒకరు లాక్ స్క్రీన్ చూసి, గంటలు నిమిషాలు సరిచేసి, తేదీ కూడా మార్చి ఊరుకుంటారు. ఇక్కడే ఒక చిన్న పొరపాటు దాగి ఉంటుంది. లాక్ స్క్రీన్ మీద సాధారణంగా వారం, తేదీ, నెల కనిపిస్తాయి గాని సంవత్సరం కనిపించదు. ఫోన్ ఒక ఏడాది వెనక ఉన్నా చూసేవారికి తెలియదు. పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది, అది వారం పేరు. ఉదాహరణకు 2025 నవంబరు 12 బుధవారం, అదే తేదీ 2024లో మంగళవారం. మీ గోడ మీది క్యాలెండర్‌లోని వారానికి, నాన్నగారి ఫోన్ చూపించే వారానికి పొంతన లేకపోతే సంవత్సరం తప్పిందని దాదాపుగా నిర్ణయించుకోవచ్చు.

తేదీ తప్పితే డౌన్‌లోడ్ ఎందుకు ఆగాలి అని మీకు అనిపించవచ్చు. ప్లే స్టోర్ గూగుల్ సర్వర్‌తో మాట్లాడే ముందు ఆ సర్వర్ తన గుర్తింపును ఒక డిజిటల్ సర్టిఫికెట్ రూపంలో చూపుతుంది. ఆ సర్టిఫికెట్ మీద అది ఏ రోజు నుంచి ఏ రోజు వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది, ఆ గడువు సాధారణంగా కొద్ది నెలలు మాత్రమే. ఫోన్ తన గడియారాన్ని చూసుకుని ఆ గడువుతో పోల్చుకుంటుంది. గడియారం ఏడాది వెనక ఉంటే, ఆ ఫోన్ దృష్టిలో సర్టిఫికెట్ ఇంకా అమలులోకి రానిది. గడియారం బాగా ముందుకు పోతే అది కాలం చెల్లినది. ఏ విధంగా చూసినా నమ్మదగినది కాదు కాబట్టి ఫోన్ సంబంధాన్ని తెంచేస్తుంది. వైఫై గుర్తు నిండుగా కనిపిస్తూనే ఉంటుంది, మీ ఫోన్‌లో అన్నీ దిగుతూనే ఉంటాయి, ఈ ఫోన్‌లో మాత్రం ఏదీ కదలదు.

అనుమానం నివృత్తి చేసుకోవడానికి నాన్నగారి ఫోన్‌లో క్రోమ్ తెరిచి ఏదైనా ఒక వెబ్‌సైట్‌కు వెళ్లండి. 'Your clock is behind' అని గాని, 'Your clock is ahead' అని గాని, లేదా కింది సంకేతం గాని కనిపిస్తే ఇక వేరే కారణం వెతకనక్కరలేదు.

```
NET::ERR_CERT_DATE_INVALID
```

సరిచేసే విధానం ఇది. ఫోన్ 'Settings' లో 'System' కింద 'Date & time' ఉంటుంది. శాంసంగ్ ఫోన్లలో ఇది 'General management' లోను, షావోమీ ఫోన్లలో 'Additional settings' లోను కనిపిస్తుంది. దొరకకపోతే సెట్టింగ్స్ పైన ఉండే వెతికే గడిలో date అని టైప్ చేస్తే చాలు. అక్కడ ఆటోమేటిక్ సమయం, ఆటోమేటిక్ టైమ్ జోన్ అనే రెండు మీటలు ఉంటాయి, వాటిని ఆన్ చేయండి. అప్పటికే ఆన్‌లో ఉండి కూడా తేదీ తప్పుగా ఉంటే, ఒకసారి ఆపి, సంవత్సరంతో సహా సరైన తేదీని, సమయాన్ని చేత్తో పెట్టి, మళ్లీ ఆన్ చేయండి. ఆటోమేటిక్ సమయం సిమ్ ఉన్న ఫోన్‌కు మొబైల్ నెట్‌వర్క్ నుంచి అందుతుంది, లేనప్పుడు ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. మీ నాన్నగారి ఫోన్‌లో సిమ్ లేకపోతే వైఫై కలిపి కొన్ని నిమిషాలు ఆగి చూడండి.

టైమ్ జోన్‌ను మాత్రం ప్రత్యేకంగా చూడమని కోరుతున్నాను, ఎందుకంటే చేత్తో సరిచేసిన గడియారాల్లో తరచుగా తప్పేది అదే. అక్కడ భారత ప్రామాణిక కాలం, అంటే GMT+05:30 ఉండాలి. ఒకవేళ జోన్ GMT+00:00 అని ఉండగా ఎవరో పైకి కనిపించే గంటను మన సమయానికి మార్చి ఉంటే, తెర మీద ఉదయం పది సరిగానే కనిపిస్తుంది గాని ఫోన్ లోపలి లెక్క అయిదున్నర గంటలు ముందుకు పోయి ఉంటుంది. అయిదున్నర గంటల తేడాకు బ్రౌజర్ సాధారణంగా అడ్డు చెప్పదు, వెబ్‌సైట్లు తెరుచుకుంటాయి, గడియారం బాగానే ఉందని మనం అనుకుంటాం. కాని ముప్పై సెకన్లకు ఒకసారి మారే రెండంచెల ధ్రువీకరణ కోడ్‌ల వంటివి ఆ ఫోన్‌లో ఎన్నిసార్లు ప్రయత్నించినా చెల్లవు. అందువల్ల గంట ఒక్కటే కాదు, జోను, తేదీ, సంవత్సరం నాలుగూ కలిసి సరిపోవాలి. సరిచేశాక ఫోన్‌ను ఒకసారి ఆపి వెలిగించి, అప్పుడు ప్లే స్టోర్ తెరవండి. మీ విషయంలో గడియారాన్ని సరిచేయడం డౌన్‌లోడ్‌కే కాక తరువాత కూడా అవసరం. ముఖాన్ని ఫోటో తీసి ఆధార్‌కు పంపే సమాచారంలో అది తీసిన సమయం కూడా చేరి వెళుతుంది, ఆ సమయం మరీ పాతదిగానో ముందుదిగానో ఉంటే ఆధార్ దాన్ని తిరస్కరిస్తుంది.

గడియారం సరిగానే ఉందని తేలితే, లేదా సరిచేసినా కదలకపోతే, జాగా వైపు చూడాలి. మీరు కోరిన యాప్‌లు పెద్దవి కావు కాబట్టి 900 ఎంబీ ఎక్కడికి పోయిందని అనిపించడం సహజం. ప్లే స్టోర్ పేజీలో కనిపించే పరిమాణం దిగుమతి అయ్యే ఫైలుది మాత్రమే. దిగిన ఫైలును ఫోన్ విప్పి, పరీక్షించి, వేగంగా నడవడానికి అనువుగా మార్చి పెట్టుకుంటుంది, ఈ పని జరిగేటప్పుడు దిగిన ఫైలు, విప్పిన యాప్ రెండూ కొద్దిసేపు పక్కపక్కనే ఉంటాయి. అప్‌డేట్ అయితే కొత్తది పూర్తిగా కుదురుకునే వరకు పాత యాప్ కూడా ఉండాలి. దీనికి తోడు, ఖాళీ ఒక హద్దు కన్నా కిందికి జారితే ఆండ్రాయిడ్ దాన్ని జాగా కొరతగా లెక్కగట్టి కొత్త పనులకు వెనకాడుతుంది, 32 జీబీ ఫోన్లలో ఆ హద్దు సాధారణంగా 500 ఎంబీ చుట్టూ ఉంటుంది. అంటే మీ 900 లో నిజంగా వాడుకోదగినది నాలుగు వందలు మాత్రమే అనుకోండి, ఆ నాలుగు వందల కోసం వరుసలోని అప్‌డేట్‌లన్నీ పోటీ పడుతున్నాయి. ఒక జీబీ కన్నా తక్కువ ఖాళీ ఉంటే యాప్‌లు దిగకపోవచ్చని గూగుల్ కూడా తన సహాయ పేజీల్లో చెబుతుంది. నా సలహా అయితే కనీసం రెండు జీబీలు ఖాళీ చేసుకోండి.

ఇది మీ అమ్మగారి ఫోటోలతో ముడిపడిన పని కాబట్టి, ముందు ఆ ఫోటోలను భద్రం చేయండి. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ తెర మీద పైనుంచి కిందికి లాగితే వచ్చే యూఎస్‌బీ నోటిఫికేషన్‌లో 'File transfer' ఎంచుకుంటే, కంప్యూటర్‌లో ఫోన్ ఒక డ్రైవ్‌లా కనిపిస్తుంది. అందులో DCIM అనే ఫోల్డర్‌లో కెమెరాతో తీసిన ఫోటోలు ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చినవి మాత్రం వేరేచోట ఉంటాయి, కొత్త ఆండ్రాయిడ్‌లలో దాని చిరునామా ఇది.

```
Android/media/com.whatsapp/WhatsApp/Media
```

పాత ఫోన్లలో నేరుగా WhatsApp అనే ఫోల్డరే ఉండవచ్చు. రెండింటినీ కంప్యూటర్‌లోకి కాపీ చేసి, కొన్ని ఫోటోలను అక్కడ తెరిచి చూసి, బాగా తెరుచుకుంటున్నాయని నిర్ధారించుకున్న తరువాతే ఫోన్‌లో దేన్నైనా తొలగించండి. ఈ పనికి గూగుల్ ఖాతా గాని, పాస్‌వర్డ్ గాని అక్కరలేదు.

తొలగించడానికి ముందుగా వాట్సాప్‌కే వెళ్లండి. అందులోని సెట్టింగ్స్‌లో 'Storage and data', దాని కింద 'Manage storage' తెరిస్తే, 5 ఎంబీ దాటిన ఫైళ్లు ఒకచోట, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి మరోచోట వేరుచేసి చూపిస్తుంది. పండుగ శుభాకాంక్షలు, శుభోదయాలు, భక్తి వీడియోలు పెద్దవాళ్ల ఫోన్లలో జీబీల లెక్కన పేరుకుపోయి ఉంటాయి, ఇక్కడ కొద్దిసేపు కూర్చుంటే సరిపోతుంది. ఒక విషయం మరచిపోవద్దు. గ్యాలరీలోనో గూగుల్ ఫోటోస్‌లోనో తొలగించినవి వెంటనే పోవు, ఆ యాప్ చెత్తబుట్టలో నెల, కొన్నిసార్లు రెండు నెలలు ఉండి జాగాను పట్టుకునే ఉంటాయి. అన్నీ తుడిచినా ఖాళీ పెరగలేదని చాలామంది అనుకునేది ఇందువల్లే. బుట్టను కూడా ఖాళీ చేసి, 'Settings' లో 'Storage' మళ్లీ చూసి, అంకె పెరిగిందని నిర్ధారించుకోండి. జాగా ఖాళీ చేస్తామనే క్లీనర్ యాప్‌ల జోలికి వెళ్లవద్దు. ఉన్న జాగాలో అవి కూడా కొంత తింటాయి, ప్రకటనలతో ఫోన్‌ను మరింత మందగింపజేస్తాయి.

జాగా, గడియారం రెండూ చక్కబడ్డాక కూడా పాత 'Pending' అలాగే నిలిచి ఉంటే, ప్లే స్టోర్ తన జ్ఞాపకంలో పాత వరుసనే పట్టుకుని ఉందని అనుకోవచ్చు. ఫోన్ 'Settings' లో 'Apps' తెరిచి, 'Google Play Store' ను ఎంచుకుని, 'Force stop' నొక్కి, తరువాత 'Storage' లో 'Clear cache' నొక్కండి. అదీ చాలకపోతే అక్కడే ఉన్న 'Clear storage' లేదా 'Clear data' వాడవచ్చు. ప్లే స్టోర్ డేటా తుడిస్తే ఫోన్‌లోని యాప్‌లు గాని, ఫోటోలు గాని పోవు, మనం ఇందాక మార్చిన నెట్‌వర్క్ ఎంపికల వంటివి మాత్రం మొదటికి వస్తాయి కాబట్టి వాటిని మళ్లీ పెట్టుకోవాలి. ఇదే పనిని 'Google Play services' అనే మరో పేరు మీద చేయమని కొందరు చెబుతారు. దాని కాష్ తుడవడంలో ఇబ్బంది లేదు గాని, దాని డేటాను తుడిస్తే ఫోన్‌లో నిల్వ ఉన్న కొన్ని గూగుల్ అమరికలు చెరిగిపోతాయి. అందుచేత దాని డేటా జోలికి వెళ్లవద్దు. యాప్‌ల జాబితాలో సిస్టమ్ యాప్‌లను కూడా చూపించమని అడిగి, 'Download Manager' ను ఎవరైనా ఎప్పుడో ఆపివేశారేమో చూడండి. ఆపి ఉంటే 'Enable' నొక్కాలి.

ఇక ఖాతా. షాపువారి సలహా మీకు ఎందుకు ప్రమాదమో ఇక్కడ వివరంగా చెప్పాలి. పాస్‌వర్డ్ మరచిపోయిన గూగుల్ ఖాతాను తిరిగి పొందాలంటే, ఆ ఖాతా యజమాని మీరేనని గూగుల్‌కు నమ్మకం కలగాలి. మామూలుగా వాడే ఫోన్ నుంచి, మామూలుగా ఉండే చోటి నుంచి ప్రయత్నించమని గూగుల్ సలహా ఇస్తుంది. ఆ ఖాతాతో ఇప్పటికీ లాగిన్ అయి ఉన్న నాన్నగారి ఫోనే మీ చేతిలో ఉన్న బలమైన సాక్ష్యం. ఖాతాను తొలగించగానే ఆ సాక్ష్యాన్ని మీరే చెరిపేసినట్టు అవుతుంది. ఆ ఖాతాలో దాచిన ఫోన్ నంబర్లు కూడా ఖాతాతో పాటు ఫోన్ నుంచి పోతాయి. తిరిగి లాగిన్ అయితే వస్తాయి గాని, పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ కావడం ఎలా? రీసెట్ అయితే ఇంకా కష్టం. రికవరీ మెనూలోంచి రీసెట్ చేసిన ఫోన్ మళ్లీ మొదలయ్యేటప్పుడు, అంతకుముందు అందులో ఉన్న ఖాతా పాస్‌వర్డ్‌నో, తెర తాళాన్నో అడుగుతుంది. దొంగల కోసం పెట్టిన ఈ కాపలా, పాస్‌వర్డ్ మరచిన యజమానిని కూడా బయటే నిలబెడుతుంది.

దీనికి బదులు ఏమీ పోగొట్టని పరీక్ష ఒకటుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఖాతాల విభాగానికి వెళ్లి, నాన్నగారి ఖాతాను ముట్టుకోకుండా, మీ ఖాతాను రెండోదిగా చేర్చండి. వెంటనే మీ ఖాతాకు కాంటాక్ట్స్ సింక్‌ను ఆపివేయండి, లేకపోతే మీ నంబర్లన్నీ ఆయన ఫోన్‌లోకి వచ్చి చేరతాయి. తరువాత ప్లే స్టోర్‌లో ఖాతా బొమ్మను నొక్కి మీ ఖాతాకు మారి, అదే యాప్‌ను ఇన్‌స్టాల్ చేయండి. దిగితే చిక్కు నాన్నగారి ఖాతాలో ఉందని తెలుస్తుంది, మీకు కావలసిన యాప్ కూడా ఆ ఫోన్‌లో చేరిపోతుంది. దిగకపోతే ఖాతాది తప్పు కాదు, చిక్కు ఫోన్‌లోనో నెట్‌వర్క్‌లోనో ఉంది. అప్పుడు మీ ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒకసారి ప్రయత్నించండి, వీపీఎన్ గాని, ప్రకటనలను ఆపే ప్రైవేట్ డీఎన్ఎస్ గాని పెట్టి ఉంటే తీసేయండి. మీ ఖాతాను చేర్చే దశలోనే గూగుల్ సర్వర్‌ను చేరలేకపోయామనే సందేశం వస్తే, మళ్లీ గడియారం దగ్గరికే వెళ్లి జోనును చూడండి.

ఖాతాదే తప్పని తేలితే, నోటిఫికేషన్లలోనో జీమెయిల్‌లోనో మళ్లీ లాగిన్ కమ్మని అడుగుతోందేమో చూడండి. తమ్ముడు ఎప్పుడైనా ఆ పాస్‌వర్డ్‌ను వేరే చోట మార్చి ఉంటే ఇలా జరుగుతుంది. పాస్‌వర్డ్‌ను తిరిగి పొందడానికి నాన్నగారి ఫోన్‌లోని బ్రౌజర్‌లోనే, ఇంటి వైఫై మీదే g.co/recover తెరిచి ప్రయత్నించండి, రికవరీ నంబరు తమ్ముడిదై ఉండవచ్చు కాబట్టి ఆ సమయంలో అతన్ని ఫోన్‌కు అందుబాటులో ఉండమనండి. కొత్త పాస్‌వర్డ్ చేతికి వచ్చి, దానితో మీ కంప్యూటర్‌లో ఒకసారి లాగిన్ కాగలిగిన తరువాత మాత్రమే, అవసరమైతే, ఫోన్‌లోంచి ఖాతాను తీసి మళ్లీ చేర్చవచ్చు.

ఈ ప్రయత్నాల మధ్యలో ఎవరైనా ఈ యాప్‌ల ఫైళ్లను వాట్సాప్‌లో పంపుతామంటే దయచేసి తీసుకోవద్దు. పింఛనుదారులను లక్ష్యంగా చేసుకుని ఆ పేర్లతోనే నకిలీ ఏపీకే ఫైళ్లు పంపి, బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాలు జరుగుతున్నాయి. ప్లే స్టోర్ దారి ఒక్కటే పట్టుకోండి.

ఆధార్ ఫేస్ ఆర్‌డీ దిగాక హోమ్ స్క్రీన్ మీద దాని గుర్తు కనిపించకపోతే, ఇన్‌స్టాల్ కాలేదనుకుని తీసి మళ్లీ వేయవద్దు. అది తెర వెనుక పనిచేసే యాప్, ఫోన్ సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలో ఉంటుంది. మీరు తెరవవలసింది జీవన్ ప్రమాణ్ మాత్రమే. ఇంతా చేసి ఫోన్ దారికి రావడానికి సమయం పట్టేలా ఉంటే, నెలాఖరు వరకు దానికోసం ఆగనక్కరలేదు. ఆ రెండు యాప్‌లను మీ ఫోన్‌లోనే వేసుకుని, మీరు ఆపరేటరుగా ఒకసారి నమోదై, నాన్నగారి ముఖాన్ని మీ ఫోన్‌లోనే చూపించి సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. దానికి ఆయన ఆధార్ నంబరు, పీపీఓ నంబరు, పింఛను పడే బ్యాంకు ఖాతా వివరాలు దగ్గర పెట్టుకోండి.